పై వరుసలో ఖాళీ

మొదట్లో మద్దిలేటి చేతిలో ఏముందని చూస్తే పెద్దగా ఏమీ లేదు. నంద్యాల గాంధీ చౌక్ దగ్గర ఒక పాత్రల దుకాణం. అందులో సగం స్టీలు, కొంత ఇత్తడి, మిగిలింది పింగాణీ కప్పులు. పాత్రల మీద పేర్లు కొట్టే చిన్న మిషన్ ఒకటి. బెంగళూరు నుంచి తెచ్చుకున్న టారో కార్డుల కట్ట ఒకటి. నాయన వదిలిపోయిన మాట ఒకటి.

నాయన మార్కెట్ యార్డులో కాటా పట్టేవాడు. పత్తి బోరాలైనా, శనక్కాయల సంచులైనా ఆయన కాటా ఎక్కి దిగాకే వేలానికి పోయేవి. "కాటా పట్టినోడు వేలం పాడగూడదు రా" అనేవాడు. సరుకు మీద ఆశ పడ్డవాడి వేలు తనకు తెలియకుండానే కాటా ముల్లు మీదికి పోతుందని ఆయన అనుభవం.

కార్డులు నేర్పింది ఎలిజబెత్ ఆంటీ. బెంగళూరులో మద్దిలేటి పనిచేసిన కప్పుల గోడౌన్‌కి పై అంతస్తులో ఉండేది. ఆమె కూడా ఇంచుమించు ఆ మాటే చెప్పింది. "ఎవరి విషయంలో నీకు ఫలానా జవాబే రావాలని ఉంటుందో, వాళ్ళకు నువ్వు కార్డు తీయొద్దు."

జన్మలో ఒకరినొకరు చూడని ఇద్దరు ఒకే మాట చెప్పారంటే అది చెల్లే నాణెమే అని మద్దిలేటి దాన్ని భద్రంగా దాచుకున్నాడు. ఖర్చు చేయాల్సిన రోజు వస్తుందని అనుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, అడిగినవాళ్ళకు కార్డులు చూసేవాడు. పక్కనే గాజుల అంగడి నయీమ్ ఎగతాళి చేసేవాడు.

"ఏమప్పా, చిలక లేని జోస్యం! పంజరం కొనే ఖర్చు కూడా మిగిలె నీకు."

"ఇది జోస్యం కాదు నయీమూ. రేపేమయితాదో నేను చెప్పను. ఈ పొద్దు మనిషి లోపల ఏముందో బొమ్మ చూపిస్తాది. అంతే."

"మా ఇంట్లో ఆమె బొమ్మ లేకుండానే చూపిస్తాది" అని నయీమ్ నవ్వేవాడు.

అట్లా రోజులు నడుస్తుండగా జూలైలో ఒకరోజు వాన పట్టుకుంది.

చౌకులో ఆటోలు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని హారన్లు కొడుతుంటే, ఒకమ్మాయి దుపట్టా తలమీద కప్పుకుని దుకాణంలోకి దూరింది. వచ్చిన మనిషి వచ్చినట్టు ఊరుకోలేదు. గాజు అల్మరా మీద మద్దిలేటి ప్రేమగా పేర్చుకున్న కప్పులను చూసి తల అడ్డంగా ఊపింది.

"అన్నా, ఇది పడతాది."

"రెండేండ్లుగా నిలబడ్నాయి మేడం. ఈ పొద్దు మీరొచ్చినారని పడవు."

"కింద అయిదు, పైన నాలుగు. పై వరుసలో ఆ మూడోది చూడు. దాని అడుగు వంకర. అది ఊగుతాంటే మిగతావీ ఊగుతాయి."

"ముట్టుకోవద్దండీ..."

అప్పటికే ముట్టుకుంది. రెండు వేళ్ళతో ఆ కప్పును సుతారంగా పైకి లేపింది. మద్దిలేటి కింద రెండు చేతులూ పట్టాడు. మిగిలిన ఎనిమిదీ కదలకుండా నిలబడ్డాయి. తీసిన కప్పును బల్ల మీద పెట్టి వేలితో తట్టింది. అది పిచ్చిదానిలా ఊగింది.

"ఇప్పుడు చెప్పు, ఎవరిది తప్పు?"

వ్యాపారంలో ఓడిపోయినప్పుడు మాట మార్చాలి. మద్దిలేటి ఆమె చేతులకేసి చూశాడు. గోళ్ళ సందుల్లో బూడిద రంగు పొడి. కుడిచేతి బొటనవేలు పక్కన కాయ కాచి ఉంది.

"ఏం చెక్కుతాండారు?"

ఆమె దుపట్టా దులుపుకోవడం ఆపేసింది. "ఏందీ?"

"చేతులకు రాతిపొడి ఉండాది. ఆళ్ళగడ్డ వాళ్ళనుకుంటా. ఏం చెక్కుతాండారా అని."

ఆమె కాసేపు అతన్నే చూసింది. ఎవరూ రాని వీధిలో ఎవరో తలుపు తట్టినట్టు చూసింది.

"నంది. ఇంగా కాళ్ళకాడే ఉండా. మా నాయన పనే, కానీ ఇదొక్కటీ నాది." అని కొంచెం ఆగి, "పెద్దగా బాగుండదులే" అంది.

"మూడో కప్పు అడుగు దూరం నుంచే కనుక్కున్న కన్ను. బాగుండకుండా యాడికి పోతాది?"

ఆమె నవ్వింది. బయట వాన తగ్గింది. మద్దిలేటికి మాత్రం ఎందుకో అది తగ్గకుంటే బాగుండుననిపించింది.

ఆమె పేరు ప్రవళిక. తండ్రి వెంకటేశ్వర్లుకు ఆళ్ళగడ్డలో హైవే పక్కనే శిల్పాల షెడ్డు ఉంది. వచ్చిన పని ఇత్తడి పళ్ళేలకు ఆర్డరివ్వడం. ఎవరికని అడిగితే చేతిలో ఉన్న వంకర కప్పును తిప్పుతూ చెప్పింది.

"తాంబూలాలకు. నావే. వచ్చినోళ్ళకు తలా ఒకటి ఇయ్యాల."

మద్దిలేటి పుస్తకం తెరిచి, దానిలోకి తలవంచాడు. ముఖం దాచుకోవడానికి అదే దగ్గరగా ఉంది. "పేర్లు కొట్టాల కదా. ఏం పేర్లు?"

"పేర్లు... మళ్ళ ఫోన్ చేసి చెప్తాలే అన్నా."

ఆమె వెళ్ళాక నయీమ్ వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. "కప్పు ఒకటి తక్కువుంది, మొగంలో కళ ఒకటి ఎక్కువుంది. ఏందప్పా లెక్క?"

"ఏంల్యా. పెండ్లికూతురు. అన్నా అని పిలిచింది."

"అన్నా అంటే నష్టం ల్యా. నంద్యాలలో అంగడోడిని అందరూ అన్నా అనే అంటారు. నన్ను మా అత్త కూడా ఒకసారి అనింది."

ఆ ఖాళీ జాగాలో మద్దిలేటి ఇంకో కప్పు పెట్టలేదు. ఎందుకో పెట్టబుద్ధి కాలేదు.

పెళ్ళివారు పాత్రలు కొనేటప్పుడు అన్నిటికంటే ముందు తేల్చేది పేర్లే. ధర దగ్గర తగాదా పడతారు, పేర్ల దగ్గర ముచ్చట పడతారు. ఆయన పేరు ముందా, ఆమె పేరు ముందా, నడుమ పువ్వు ఉండాలా అని దుకాణంలోనే సరసాలు మొదలవుతాయి. ప్రవళిక మాత్రం వారం వారం వచ్చేది. పళ్ళెం అంచు చూసేది, మెరుపు చూసేది, బరువు చూసేది. పేర్ల మాట వచ్చేసరికి బస్సు టైమయ్యేది.

"ఈసారన్నా చెప్తారా?"

"తొందరేముంది అన్నా? నీ మిషన్‌కు ఆకలైతాందా?"

"మిషన్‌కు కాదు మేడం, పళ్ళేలకు. పేరు లేని పళ్ళెం నా దగ్గర దిగులు పెట్టుకుంటాది."

"అయితే వాటికి కార్డులు తీసి చూడు, దిగులెందుకో" అని బల్ల మీది కట్టను చూపించి నవ్వేది. అంతలోనే నంది ముచ్చట్లు. కాళ్ళయ్యాయి. గంగడోలు మొదలైంది. మెడలో గంట దగ్గర ఉలి జారింది, అయినా దాన్ని మువ్వగా మార్చింది. మద్దిలేటి ఒక్కో వారం ఒక్కో అవయవం అడిగి తెలుసుకునేవాడు. సగం నంది అతని దుకాణంలోనే తయారైందంటే అబద్ధం కాదు.

ఆగస్టు చివరి ఆదివారం ఆమె సరుకు చూడటానికి రాలేదు. సగం దించిన షట్టరు కిందనుంచి వంగి లోపలికొచ్చి, స్టూలు మీద కూర్చుంది.

"నాకు కార్డులు చూడు."

"దేనికి?"

"సురేష్‌ను చేసుకోవాలా, వద్దా?"

దుకాణంలో ఉన్న ఇత్తడి అంతా ఒక్కసారి మోగినట్టయింది మద్దిలేటికి. నాయన మాట గుర్తొచ్చింది. ఎలిజబెత్ ఆంటీ మాట గుర్తొచ్చింది. అక్కడే లేచి, నేను చూడను, వేరేవాళ్ళ దగ్గరికి పో అని చెప్పి ఉండాల్సింది. కానీ ఆమె కళ్ళకింద నిద్రలేని నలుపు చూశాడు. వద్దన్న మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

"చేసుకోవాలా వద్దా అని కార్డును అడగగూడదు. అది అవును కాదు చెప్పదు. చెప్తాదని ఎవరన్నా అంటే నమ్మొద్దు. నీ బదులు నిర్ణయం చేసే పని దానిది కాదు. ఇంకో మాట. సురేష్ ఈడ ల్యాడు. ఆయన మనసులో ఏముందో మనం చూడగూడదు. నీ గురించే అడుగు."

"ఎట్ల అడగాల మరి?"

"ముందు సంగతి చెప్పు."

చెప్పింది. సురేష్ నంద్యాలలోనే ఇంజనీరు. నాలుగేళ్ళుగా రెండిళ్ళకూ తెలిసిన సంబంధం. మంచివాడు. తాగడు, కసరడు. ఫోన్ చేస్తానన్న వేళకు చేస్తాడు. తిన్నావా అంటాడు, తిన్నానంటే సరే అంటాడు. పండగకు చీర తెస్తాడు, ప్రతిసారీ వాళ్ళమ్మకు నచ్చే రంగే.

"తప్పు చూపీమంటే ఒక్కటీ ల్యా నా దగ్గర. అదే బాధ. కొట్టినాడనో, మోసం చేసినాడనో ఉంటే ఈజీగా ఉండేది. నాలుగేండ్లలో నా చేతులు ఎందుకిట్లుండాయని ఒక్కసారి కూడా అడగల్యా. అది తప్పు కాదు గదా. దానికోసం ఎవరన్నా మనిషిని వదులుకుంటారా?"

మద్దిలేటి కార్డులు ఆమె చేతికిచ్చాడు. "అయితే ఇట్లడుగు. ఈ సంబంధంలో నాకు ఉన్నదేంది? నా లోపల జరుగుతాండేదేంది? నేను చేయకుండా తప్పించుకుంటాండే పనేంది? మూడు ప్రశ్నలు, మూడు కార్డులు. బాగా కలుపు. ఇంగ చాలు అనిపించినప్పుడు ఆపు."

ఉలి పట్టే చేతులు కార్డులను మోటుగా కలిపాయి. మూడు తీసి, వరుసగా బోర్లించింది. మద్దిలేటి మొదటిది తిప్పాడు.

టెన్ ఆఫ్ పెంటకిల్స్. కమాను కింద నిండు కుటుంబం. ముసలాయన, దంపతులు, చిన్నపిల్ల, కుక్కలు. చుట్టూ బంగారు బిళ్ళలు.

"ఉన్నదేంది అని అడిగినావు. ఇదీ. ఇల్లు, పేరు, పెద్దల సంతోషం. నిజమైన సొత్తే ఇది. ఇదంతా ఉత్తదే అనుకుని దాటిపోతే నిన్ను నువ్వే మోసం చేసుకున్నట్టు."

రెండోది తిప్పాడు. చేయి అక్కడే ఆగిపోయింది.

ఎయిట్ ఆఫ్ కప్స్. నిటారుగానే పడింది, తలకిందులు కాదు. ముందువైపు ఎనిమిది బంగారు కప్పులు. కింద అయిదు, పైన మూడు. పై వరుసలో ఒక కప్పు పట్టేంత ఖాళీ.

ప్రవళిక ఆ బొమ్మను చూసింది. తల తిప్పి అల్మరా మీది కప్పులను చూసింది.

ఇదిగో, సరిగ్గా ఇక్కడ మద్దిలేటి వేలు కాటా ముల్లు వైపు పోయింది. ఆ ఖాళీ చూపించి, చూడు, ఇంకెవరో రావాల్సిన జాగా ఇది అని ఒక్క మాటంటే చాలు. ఆమె నమ్ముతుంది. బొమ్మ కూడా అడ్డం చెప్పదు. బేరం కుదిరిపోతుంది.

అతను చేతులు రెండూ వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఈ కప్పుల్ని బాగా చూడు. ఒక్కటన్నా ఒలికిందా?"

"ల్యా."

"పగిలిందా?"

"ల్యా. అన్నీ నిలబడే ఉండాయి."

"ఈ కట్టలోనే ఫైవ్ ఆఫ్ కప్స్ అని ఇంకోటుంది. దాంట్లో మూడు ఒలికిపోయుంటాయి, నల్లబట్టలాయన తలొంచుకుని ఏడుస్తా ఉంటాడు. అది పోయినదానికి దుఃఖం. ఇది అది కాదు. ఈడ అన్నీ బాగుండాయి. ఈ కప్పులు ఈయన పేర్చుకున్నవే, కష్టపడి. అయినా పోతాండాడు. అందుకే ఇది కష్టమైన కార్డు. ఎందుకు పోతాండావని ఊరంతా అడిగితే చూపించడానికి ఒక్క పగిలిన పెంకు కూడా ఉండదు."

ప్రవళిక బొమ్మ మీద వేలు పెట్టింది. "పోతాండేది... ఎర్ర బట్టలాయన. మొగం కనపడల్యా."

"వీపే చూపిస్తాడు. ఏడుస్తాండాడో, ఊపిరి పీల్చుకుంటాండాడో మనకు తెలీదు. చెప్తానంటే నేను దొంగమాట చెప్పినట్టే. చేతిలో చూడు, కర్ర ఒక్కటే. ఒక్క కప్పు కూడా తీసుకోల్యా. పక్కన ఏరు, ముందర కొండ. పైన చంద్రుడు కండ్లు దించుకున్నాడు. అంటే దోవ సగమే కనపడతాది. కొండ మీద..." మద్దిలేటి ఒక్క క్షణం ఆగాడు. ఈ మాట అతనికి నష్టం. "కొండ మీద ఎవరూ ఎదురుచూస్తా ఉండరు. ఈ బొమ్మలో రెండో మనిషి ల్యాడు. ఒకరిని వదిలి ఇంకొకరి కాడికి పోయే కార్డు కాదిది. ఒంటరిగా పోయేది. ఎవరో వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటారని పోతే, పోయినంక మోసపోతావు."

"అయితే పొమ్మంటాదా?"

"పొమ్మనదు, ఉండమనదు. నీ లోపల జరుగుతాండేదేంది అని అడిగినావు. నీ మనసు ఇప్పటికే లేచి నడుస్తాండాది అంటాది. మనిషి ఇంగా కప్పులకాడే కూర్చోనుంది. తలకిందులుగా పడుంటే, పోలేక ఆగిపోయినావనో, వెనక్కొచ్చి మళ్ళ ప్రయత్నం చేయాలనో చూసేవాళ్ళం. నీకు నిటారుగా పడింది. నడక మొదలైంది. యాడికన్నది నువ్వే తేల్చుకోవాల."

ప్రవళిక కళ్ళు తుడుచుకుంది. బొటనవేలి రాతిపొడి చెంపకు అంటుకుంది. మద్దిలేటి మూడోది తిప్పాడు. తిప్పి, లోలోపల దేవుడిని తిట్టుకున్నాడు.

టూ ఆఫ్ కప్స్. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఎదురెదురుగా నిలబడి కప్పులు చేతబట్టుకుని ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"ఇదేంది, కొత్త ప్రేమా?" ప్రవళిక చప్పున అడిగింది.

ఎలిజబెత్ ఆంటీ నేర్పిన మొదటి పాఠం, బొమ్మ కంటే ముందు ప్రశ్న చూడాలని. అది మరిచిపోతే ఎంత హాయిగా ఉండేది!

"ఇది పడింది ఏ జాగాలో? తప్పించుకుంటాండే పని యాడుందో ఆ జాగాలో. ఈ ఇద్దరూ ఏం చేస్తాండారు? ఎదురుగా నిలబడి, సమానంగా, కండ్లలోకి చూసి మాట్లాడుకుంటాండారు. నువ్వు నాకు చెప్పిందంతా సురేష్‌కు ఎప్పుడన్నా చెప్పినావా?"

ఆమె తల దించుకుని గోటి సందులోని రాతిపొడి గీకింది.

"నీ చేతుల సంగతి ఆయన అడగల్యా, సరే. నువ్వు చూపించినావా? చెప్పకుండా పోతే అది నడక కాదు, పరుగు. చెప్పినంక ఆయన నిజంగా చూస్తే, నువ్వు ఉండాలనుకున్నా ఉండొచ్చు. అదీ తప్పు కాదు."

బయట చౌకులో ఎవరో ఆటో స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది ఎంతకీ స్టార్టు కాలేదు. ప్రవళిక మూడు కార్డులనూ వేలితో వరుసగా సర్ది, తలూపింది.

"బాగా చెప్పినావు."

"ఇంగా అయిపోలేదు." మద్దిలేటి కార్డులు ఎత్తి కట్టలో పెట్టేశాడు. "నేను నీకు చూసుండగూడదు. మా నాయన మార్కెట్ యార్డులో కాటా పట్టేటోడు. కాటా పట్టినోడు వేలం పాడగూడదు అనేటోడు. నేను... నాకు ఆశ ఉంది. ఆ వానరోజు నుంచీ ఉంది. చెప్పినదాంట్లో ముల్లు కదిలించలేదనే అనుకుంటాండా. కానీ అనుకునేది నేనే గదా. అందుకే నా మాట పక్కన పెట్టు. బెంగళూరు ఆంటీ నంబరు ఈ చీటీలో ఉండాది, ఆమెను అడుగు. నువ్వు తేల్చుకునేదాకా ఈడికి రావద్దు. ఫోనూ వద్దు."

ప్రవళిక మొహం ముందు ఎర్రబడింది, తర్వాత గట్టిపడింది. స్టూలు వెనక్కి నెట్టి లేచింది.

"ఓహో. అయితే మీ నాయన సామెతలో సరుకు నేనా?"

"అయ్యో, అట్లా కాదు..."

"మూట కట్టి కాటా మీద పెట్టినావు. తూకం చూసినావు. ఇప్పుడు పాడాలా వద్దా అని ఆలోచన. శనక్కాయల సంచినా నేను?"

"ప్రవళికా..."

"మేడం అను!"

చీటీ లాక్కుని, షట్టరు కిందనుంచి వంగి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు అన్నా అని మాత్రం అనలేదు. ఆ సంగతి మద్దిలేటి కాదు, గోడకవతల చెవిపెట్టి విన్న నయీమ్ కనిపెట్టాడు.

"ఏమప్పా, నిజం చెప్పి బేరం చెడగొట్టుకునే వ్యాపారిని నంద్యాల మొత్తంలో నిన్నే చూసినా."

"సరుకు మంచిదని చెప్తే అమ్ముడుపోతాది నయీమూ. కాటా మంచిదని చెప్తే మళ్ళొస్తారు."

"రాకపోతే?"

మద్దిలేటి షట్టరు పూర్తిగా కిందికి లాగాడు.

సెప్టెంబరంతా ఆమె రాలేదు. కుందూ నది నిండుగా పారింది. వినాయక చవితికి ఇత్తడి బాగా పోయింది. పేరు లేని పళ్ళేలు మాత్రం అట్టపెట్టెల్లో అట్లాగే ఉన్నాయి. మద్దిలేటి ఆదివారాలు షట్టరు పూర్తిగా దించేసి ఇంటికి పోయేవాడు. అల్మరా మీది ఖాళీని తుడిచేటప్పుడు గుడ్డ ఎప్పుడూ కాస్త నిదానించేది.

దసరా ముందర ఫోనొచ్చింది. ప్రవళిక కాదు, వాళ్ళ నాయన.

"మద్దిలేటేనా? నేనప్పా, ఆళ్ళగడ్డ వెంకటేశ్వర్లును. మా పాప ఆర్డరిచ్చిన పళ్ళేలు రేపు పొద్దున ఎత్తకరా. షెడ్డుకాడ పని పెట్టుకున్నాం."

"పేర్లు కొట్టల్యా అన్నా ఇంగా."

"ఈడనే చెప్తాదంట. మిషన్ కూడా తెచ్చుకో."

ఫోన్ పెట్టేశాక మద్దిలేటి చాలాసేపు మిషన్‌కేసి చూస్తూ కూర్చున్నాడు. సురేష్, ప్రవళిక. నడుమ పువ్వు. అన్ని పళ్ళేల మీదా తన చేత్తోనే కొట్టాలి. అంటే ఎదురుగా కూర్చుని మాట్లాడుకున్నారన్న మాట. తను చెప్పిందే ఆమె చేసింది. కాటా సరిగ్గా పట్టినందుకు సంతోషించాలి కదా! సంతోషం మాత్రం ఎక్కడ వెతికినా దొరకలేదు.

"నేనూ వస్తాలే" అని నయీమ్ తన ఆటో ట్రాలీ తీశాడు. "నువ్వు దోవలో ఏడిస్తే పెట్టెలు తడుస్తాయి."

శిరివెళ్ల దాటేసరికి తెల్లారింది. ఎడమవైపు నల్లమల కొండలు మబ్బులో సగం మునిగి ఉన్నాయి. కొండ మీద ఎవరూ ఎదురుచూడరని తను చెప్పిన మాట గుర్తొచ్చి, మద్దిలేటి తల పక్కకు తిప్పుకున్నాడు.

ఆళ్ళగడ్డలో హైవే పక్కన వరుసగా విగ్రహాలు. వెంకటేశ్వర్లు షెడ్డు ముందు మామిడాకులు కట్టి ఉన్నాయి. పదిమందికి మించి జనం లేరు. షామియానా లేదు, కుర్చీలు లేవు, పెళ్ళివారి హడావిడి లేదు. పసుపు బట్ట కప్పిన రాయి ఒకటి మధ్యలో ఉంది. దాని పక్కన ప్రవళిక, నెత్తికి తుండు చుట్టుకుని, ఉలి చేతబట్టుకుని కూర్చుని ఉంది.

"వచ్చినావా? ఆడ కూర్చో. నంది కండ్లు తెరిచేది ఉండాది. అన్నిటికంటే ఆఖరున కండ్లే చెక్కాల. చూడు మరి."

బట్ట తొలగించింది. కాళ్ళు, గంగడోలు, తప్పు జరిగి మువ్వ అయిన గంట. అన్నీ మద్దిలేటికి తెలిసినవే, ఎప్పుడూ చూడనివే. ప్రవళిక ఉలి మొన ఆనించి, సుత్తితో మెత్తగా తట్టింది. ఒక కన్ను, మరో కన్ను. పొడి ఊదింది. రాయి లోపలినుంచి ఎవరో నిద్రలేచి చూసినట్టయింది. ఆమె తండ్రి కొబ్బరికాయ కొట్టి, కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు మద్దిలేటికి నోరు పెగిలింది. "తాంబూలాలు..."

"ల్యావు."

"సురేష్‌..."

"ఎదురుగా కూర్చోని అంతా చెప్పినా. ఈడికే పిలుచుకొచ్చి నందిని చూపించినా. బాగుంది అన్నాడు. ఎంతకు పోతాది అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినాడు పాపం. ఆ తర్వాత నంది మీద చెయ్యి పెట్టి, నన్ను కూడా ఎవరూ ఏమీ అడగల్యా ప్రవళికా, అందరూ సరే అంటే నేనూ సరే అన్నా అన్నాడు. ఆ పొద్దే మొదటిసారి ఇద్దరం సరిగ్గా మాట్లాడుకున్నాం. నాలుగేండ్లకు. రెండిండ్లలో రచ్చయింది. నెలంతా అయింది. ఇప్పుడు చల్లారింది." ఉలి పక్కన పెట్టింది. "నీ కాడికి రావాలని వదల్లేదు. అది గుర్తు పెట్టుకో. ఒట్టి చేతుల్తోనే వచ్చేసినా. ఈ నెలంతా నేనూ, నందీ. అంతే."

"నేనేం అనలేదు గదా."

"అనవు. నీకు కాటా ఉండాది గదా. ఆ మిషన్ తీయి, పేరు కొట్టు. వచ్చినోళ్ళకు పళ్ళేలు ఇయ్యాల."

"ఏం పేరు?"

"శిల్పి ప్రవళిక."

మద్దిలేటి మొదటి పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాడు. జీవితంలో ఎన్ని జంటల పేర్లు కొట్టాడో లెక్కలేదు. ఒంటరిగా నిలబడిన ఆ ఒక్క పేరును మాత్రం అక్షరం అక్షరానికీ ఆగి, సరిచూసుకుని కొట్టాడు. ఇత్తడి పొడి బంగారంలా రాలింది. నయీమ్ పళ్ళేలు అందిస్తూ, పంచుతూ, అందరికంటే ముందు ప్రసాదం తింటూ తిరిగాడు.

చివరి పళ్ళెం అయ్యాక ప్రవళిక వచ్చి ఎదురుగా గొంతుకూర్చుంది. కొంగు చాటునుంచి ఏదో తీసి అతని చేతిలో పెట్టింది. నల్లరాతి కప్పు. అరచేతిలో ఇమిడేంత. నున్నగా, చల్లగా.

"మీ బెంగళూరు ఆంటీకి ఫోన్ చేసినా. నువ్వు చూసింది సరిగ్గా చూసినావంట. ముల్లు కదిలించలేదంట. ఎనిమిది తర్వాత తొమ్మిది కప్పుల కార్డు ఉంటాదని కూడా చెప్పింది. దాంట్లో ఒకాయన కడుపునిండా తృప్తిగా కూర్చోనుంటాడంట. నిజమేనా?"

"నిజమే. కోరిక తీరిన కార్డు అంటారు దాన్ని."

"అల్మరా మీద ఖాళీ అట్లే ఉంచినావా, పూడ్చినావా?"

"అట్లే ఉండాది."

"అయితే ఇది ఆడ పెట్టు. అడుగు చూసుకో, వంకర ల్యా."

మద్దిలేటి నేల మీద పెట్టి చూశాడు. కప్పు కదల్లేదు. "దీనిమీద పేరు ల్యాదే?"

"అమ్మేదానికి పేరు గావాల. ఇచ్చేదానికి ఎందుకు, మద్దిలేటీ?"

అన్నా పోయి పేరు వచ్చింది. నయీమ్ వెనకనుంచి దగ్గాడు.

వెంకటేశ్వర్లు ఇదంతా గుమ్మం దగ్గరనుంచి చూస్తూనే ఉన్నాడు. తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా, మీ నాయన నాకు తెలుసు. మా శనక్కాయలు ఎన్నోసార్లు ఆయన కాటా ఎక్కినాయి. మంచి మనిషి. ఆయన ఇంకో మాట కూడా అనేటోడు. నీకు చెప్పల్యాదా?"

"ఏందన్నా?"

"కాటా దించినంక పాడొచ్చు."

మద్దిలేటి నోరు తెరిచేలోపే ప్రవళిక లేచింది. "నాయనా! నేను సరుకు కాదని ఒకసారి చెప్పినా ఈయనకు. నీకు కూడా చెప్పాలా?"

"మరేం జేస్తావు?"

"నేనే పాడతా. సరుకు ఈయన." నడుం మీద చేయి పెట్టుకుని మద్దిలేటిని ఎగాదిగా చూసింది. "మాటలెక్కువ. కోపం తక్కువ. చేతులు చూసి మనిషిని కనుక్కుంటాడు. ఒక పాట పాడొచ్చు."

"పోటీకి ఎవరూ ల్యారమ్మా" అన్నాడు నయీమ్. "నంద్యాలలో మేం ఈయన్ని చానా ఏండ్లుగా వేలానికి పెట్టి చూసినాం."

వెంకటేశ్వర్లు నవ్వి, ఇద్దరి నెత్తిన చెరో చేయి పెట్టాడు. ఆ చేతుల రాతిపొడి మద్దిలేటి జుట్టులో సన్నగా రాలింది. దాన్ని అతను దులుపుకోలేదు.

ఆ సాయంత్రం నంద్యాల చేరగానే దుకాణం తెరిచి, అల్మరా మీద పై వరుసలో నల్లరాతి కప్పు పెట్టాడు. తెల్లటి పింగాణీ మధ్య అది ఒక్కటే నల్లగా, స్థిరంగా కూర్చుంది. మరుసటి వారం ఒక గిరాకీ దాన్నే చూపించి ధర అడిగాడు. మద్దిలేటి దుకాణంలో అమ్మకానికి లేని మొదటి వస్తువు అదే.

లెక్క తేల్చి చూస్తే, పోయింది ఒక వంకర కప్పు. ఒక నెల నిద్ర. అన్నా అనే పిలుపు. వచ్చినవి ఒక రాతి కప్పు, కళ్ళు తెరిచిన నందిని చూసిన ఒక ఉదయం, నాయన చెప్పకుండా పోయిన సగం మాట. ఆపైన ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆళ్ళగడ్డ బస్సు దిగి, సగం దించిన షట్టరు కిందనుంచి వంగి లోపలికొచ్చి, "ఈ వారం ఏం చెక్కినానో అడగవా?" అనే ఒక మనిషి.

అడగడం అతను ఒక్కసారీ మరిచిపోలేదు.